నాలుగు ఆక్సిజన్లు ఎటుపోయాయి? పటిక సమీకరణాన్ని తుల్యం చేయడం

"సార్ నమస్తే. మాది మర్రిగూడ దగ్గర పల్లె, డిగ్రీ ఫస్ట్ ఇయర్ చదువుతున్నా. మా పుస్తకంలో నల్లగొండ పద్ధతి ఉన్న పేజీ స్క్రీన్‌షాట్ పెట్టాను. Al₂(SO₄)₃·18H₂O + Ca(HCO₃)₂ → Al(OH)₃ + CaSO₄ + CO₂ + H₂O అనే పటిక, బైకార్బొనేట్ సమీకరణాన్ని తుల్యం చేసి ప్రతి పరమాణువు లెక్క చూపించమన్నారు. వరుసగా 1, 3, 2, 3, 6, 18 వేశాను. అన్నీ కలిశాయి, ఆక్సిజన్ ఒక్కటే ఎడమ 48, కుడి 44 వస్తోంది. మా ఫ్రెండ్ నీళ్ల ముందు 18 తీసేసి 22 పెట్టు, సరిపోతది అంటున్నాడు. మధ్యలో ఉన్న ఆ చుక్క గుణకారమా? ఇంకో డౌట్: ఫ్లోరైడ్ తీసే పద్ధతి అంటారు, సమీకరణంలో ఫ్లోరిన్ ఎక్కడా లేదేంటి సార్?"

తమ్ముడూ, నువ్వు వేసిన ఆరు గుణకాలూ సరైనవే. ఒక్కటి కూడా మార్చకు. నీ ఫ్రెండ్ చెప్పినట్టు 22 పెడితే నీ లెక్కలో ఆక్సిజన్ కలిసినట్టు కనిపిస్తుంది కానీ హైడ్రోజన్ చెడిపోతుంది. అప్పుడు ఎడమ 42, కుడి 50 అవుతుంది. ఒక మూలకాన్ని కలపడానికి గుణకం మార్చినప్పుడు, ఆ గుణకం తగిలే మిగతా మూలకాలను మళ్లీ లెక్కపెట్టి తీరాలి. తను ఆ పని చేయలేదు.

నీ తప్పు గుణకాల్లో లేదు, లెక్కపెట్టడంలో ఉంది. అది ఎక్కడుందో నువ్వు రాసిన అంకెలే చెప్తున్నాయి. సరిగ్గా నాలుగు తగ్గాయి, అదీ కుడివైపే తగ్గాయి. కుడివైపు 2Al(OH)₃ ఉంది. ఒక్కో Al(OH)₃ లో మూడు ఆక్సిజన్లు ఉంటాయి. నువ్వు ఒక్కటే లెక్కేసినట్టున్నావు, ఎందుకంటే బ్రాకెట్ బయట ఉన్న 3 ని దాని పక్కనున్న H కి మాత్రమే ఇచ్చావు. అణువుకు రెండు చొప్పున రెండు అణువుల్లో నాలుగు పోయాయి. హైడ్రోజన్‌కి 3 ఇచ్చావు కాబట్టే హైడ్రోజన్ కలిసింది, ఆక్సిజన్ మాత్రం మిగిలిపోయింది.

లెక్క కలవకపోతే వెంటనే గుణకాలు మార్చకుండా ముందు ఆ తేడాను చూడు. తేడా ఏ మూలకంలో ఉంది, ఎంత ఉంది, ఆ అంకె ఏ అణువు దగ్గర పుట్టగలదు అని ఆలోచిస్తే చాలాసార్లు దొంగ దొరుకుతాడు. ఉదాహరణకు నీకు తేడా ఎడమవైపు 8 వచ్చి ఉంటే సల్ఫేట్ బ్రాకెట్‌ను అనుమానించేవాణ్ని. (SO₄)₃ లో 12 ఆక్సిజన్ల బదులు 4 అని లెక్కేస్తే సరిగ్గా ఎనిమిదే పోతాయి. 17 పోతే చుక్క తర్వాత ఉన్న 18 ని హైడ్రోజన్‌కి ఇచ్చి ఆక్సిజన్‌కి మరిచిపోయినట్టు.

ఇప్పుడు స్క్రీన్‌షాట్ సంగతి. ఫోన్లో దాన్ని పెద్దది చేసి చూశాను. మొదటి ఫార్ములాలో చుక్క దాదాపు చెరిగిపోయింది. సల్ఫేట్ బ్రాకెట్ కింద ఉన్న 3, దాని పక్కన ఉన్న 18 కలిసిపోయి 318 లాగా కనిపిస్తున్నాయి. నువ్వు దాన్ని సరిగ్గానే చదివావు, కానీ ఇదే బొమ్మ ఇంకొకరికి పంపితే తికమక పడతారు. తుల్యం చేయకముందు అసలు సమీకరణం ఇది:

```
Al₂(SO₄)₃·18H₂O + Ca(HCO₃)₂ → Al(OH)₃ + CaSO₄ + CO₂ + H₂O
```

చుక్క గుణకారం కాదు. పటిక స్ఫటికంగా గట్టిపడేటప్పుడు ఒక్కో అల్యూమినియం సల్ఫేట్‌తో పాటు కొన్ని నీటి అణువులు కూడా ఆ గట్టి ముక్కలో ఇరుక్కుంటాయి. దాన్ని స్ఫటిక జలం అంటారు. ఇక్కడ ఒక్కో Al₂(SO₄)₃ కి 18 నీటి అణువులు ఉన్నాయని చుక్క చెప్తోంది. గుణకారం అనుకుని చుక్క ముందున్న 2, 3 లను 18 తో గుణించావంటే అల్యూమినియం 36 అవుతుంది, ఇక ఆ లెక్క తెల్లారదు. లెక్కలో చుక్కను ప్లస్‌లా చూడు: ఒక Al₂(SO₄)₃, దానితో పాటు 18 H₂O. అయితే ఒక జాగ్రత్త. ఆ ఫార్ములా మొత్తం ముందు గుణకం పడితే అది చుక్క తర్వాత ఉన్న నీళ్లకు కూడా వర్తిస్తుంది. 2Al₂(SO₄)₃·18H₂O అంటే 36 నీటి అణువులు. మన సమీకరణంలో ముందున్నది ఒకటే కాబట్టి ఆ గొడవ లేదు.

ఇంకో మాట. మార్కెట్లో దొరికే అల్యూమినియం సల్ఫేట్‌లో నీటి అణువులు సాధారణంగా 18 కంటే తక్కువే ఉంటాయి, దాదాపు 14 దగ్గర. అందుకే కొన్ని పుస్తకాల్లో 14, కొన్నింట్లో 16, 18 కనిపిస్తాయి. నీ పుస్తకంలో 18 ఉంది కాబట్టి 18 తోనే చెయ్యి. అక్కడ 14 ఉండి ఉంటే కుడివైపు నీళ్ల ముందు కూడా 14 వచ్చేది, మిగతా గుణకాలు అలాగే ఉండేవి. ఇంకా, మంగలి షాపులో గడ్డం గీశాక రాసే పటిక ఇది కాదు. అది పొటాష్ పటిక, అందులో పొటాషియం ఉంటుంది, దాని ఫార్ములా వేరు. నీళ్ల ట్యాంకుల దగ్గర వాడే ఇటుకల్లాంటి పటిక మాత్రం ఈ అల్యూమినియం సల్ఫేటే.

ఇక తుల్యం చేయడం. చాలామంది ఎడమ చివర నుంచి మొదలుపెడతారు. నేనైతే ఒక్కో వైపు ఒక్కో అణువులోనే కనిపించే మూలకంతో మొదలుపెట్టమంటాను. ఇక్కడ అలాంటివి అల్యూమినియం, సల్ఫర్, కాల్షియం, కార్బన్. హైడ్రోజన్, ఆక్సిజన్ అన్నిచోట్లా చెల్లాచెదురుగా ఉన్నాయి కాబట్టి వాటిని చివరికి ఉంచుకోవాలి.

పటిక ముందు ఒకటి అనుకుందాం. అందులో రెండు అల్యూమినియం పరమాణువులు ఉన్నాయి. కుడివైపు అల్యూమినియం ఉన్నది Al(OH)₃ లోనే, ఒక్కో అణువులో ఒకటే. కాబట్టి దాని ముందు 2. పటికలో సల్ఫేట్లు మూడు. కుడివైపు సల్ఫేట్ ఉన్నది CaSO₄ లో మాత్రమే, ఒక్కో అణువుకు ఒకటి. కాబట్టి దాని ముందు 3. ఆ మూడు CaSO₄ లకు మూడు కాల్షియంలు కావాలి, అవి వచ్చేది Ca(HCO₃)₂ నుంచే. కాబట్టి దాని ముందు 3. ఆ మూడింటిలో కార్బన్లు ఆరు, అణువుకు రెండు చొప్పున. కుడివైపు కార్బన్ ఉన్నది CO₂ లో ఒక్కటే, కాబట్టి 6. ఐదు గుణకాలు వచ్చేశాయి, ఎక్కడా అంచనా లేదు. ఒకదాని నుంచి ఇంకోటి దానంతటదే వచ్చింది.

సల్ఫేట్‌ను విడగొట్టకుండా మొత్తంగా ఒక గుంపుగా లెక్కపెట్టాను చూశావా? అది రెండు వైపులా చెక్కుచెదరకుండా SO₄ గానే ఉంది కాబట్టి కుదిరింది. బైకార్బొనేట్‌తో మాత్రం ఆ షార్ట్‌కట్ పనిచేయదు. ఎడమవైపు HCO₃ ఉంది, కుడివైపు ఎక్కడా HCO₃ లేదు. అది చర్యలో విరిగిపోతోంది. రెండు వైపులా ఒకే రూపంలో ఉన్న గుంపులనే గుంపులుగా లెక్కపెట్టాలి, విరిగేవాటిని పరమాణువులుగా విడదీయాలి.

మిగిలింది నీళ్ల గుణకం. దాన్ని హైడ్రోజన్‌తో కనుక్కుందాం, ఆక్సిజన్‌ను పరీక్ష కోసం అట్టిపెట్టుకుందాం. ఎడమవైపు స్ఫటిక జలంలో 18 రెళ్లు 36 హైడ్రోజన్లు. బైకార్బొనేట్ ఒక్కో అణువులో రెండు, మూడు అణువుల్లో 6. మొత్తం 42. కుడివైపు 2Al(OH)₃ లో 6 ఉన్నాయి. ఇంకా 36 కావాలి, అంటే నీటి అణువులు 18. అంతే:

```
Al₂(SO₄)₃·18H₂O + 3Ca(HCO₃)₂ → 2Al(OH)₃ + 3CaSO₄ + 6CO₂ + 18H₂O
```

ఇప్పటిదాకా ఆక్సిజన్‌ను ముట్టుకోలేదు. అందుకే ఇప్పుడు దాన్ని లెక్కపెడితే అది నిజమైన పరీక్ష అవుతుంది. ఆక్సిజన్‌తోనే నీళ్ల గుణకం కనుక్కుంటే, అప్పుడు హైడ్రోజన్‌ను పరీక్షగా ఉంచుకోవాలి. ఏదో ఒక మూలకాన్ని వాడకుండా మిగుల్చుకోవాలన్నది ముఖ్యం.

ఎడమవైపు ఆక్సిజన్: మూడు సల్ఫేట్లలో ఒక్కోదానికి నాలుగు చొప్పున 12. స్ఫటిక జలంలో 18. బైకార్బొనేట్‌లో ఒక్కో HCO₃ కి మూడు, ఒక్కో Ca(HCO₃)₂ లో రెండు HCO₃ లు కాబట్టి ఆరు, మూడు అణువుల్లో 18. మొత్తం 48. కుడివైపు: 2Al(OH)₃ లో ఒక్కోదానికి మూడు చొప్పున 6. 3CaSO₄ లో 12. 6CO₂ లో 12. 18H₂O లో 18. మొత్తం 48. నువ్వు ఆ మొదటి 6 ని 2 అని రాశావు, 44 అక్కడే పుట్టింది.

అసైన్‌మెంట్‌లో "ప్రతి పరమాణువు" అన్నారు కాబట్టి ఈ మాత్రం వివరంగా రాయి:

```
        ఎడమ                     కుడి
Al      2                       2
S       3                       3
Ca      3                       3
C       3×2 = 6                 6
H       36 + 6 = 42             6 + 36 = 42
O       12 + 18 + 18 = 48       6 + 12 + 12 + 18 = 48
```

మొత్తం మాత్రమే కాకుండా ఏ అణువు నుంచి ఎన్ని వచ్చాయో విడివిడిగా రాయడం దేనికంటే, పేపరు దిద్దేవాళ్లకి నీ ఆలోచన కనిపిస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, తప్పుంటే నీకే కనిపిస్తుంది. నువ్వు 44 అని ఒక్క అంకె కాకుండా 2 + 12 + 12 + 18 అని రాసి ఉంటే ఆ 2 దగ్గర నీకే అనుమానం వచ్చేది.

ఇంకా నమ్మకం కుదరకపోతే ద్రవ్యరాశితో సరిచూసుకో. Al 27, S 32, Ca 40, C 12, O 16, H 1 అనుకుంటే, పటిక అణుభారం 342 కి నీళ్లవి 324 కలిపి 666. Ca(HCO₃)₂ 162, మూడింటికి 486. ఎడమవైపు మొత్తం 1152. కుడివైపు Al(OH)₃ 78, రెండింటికి 156. CaSO₄ 136, మూడింటికి 408. CO₂ 44, ఆరింటికి 264. నీళ్లు 324. కలిపితే మళ్లీ 1152. నీ ఫ్రెండ్ చెప్పినట్టు నీళ్ల ముందు 22 ఉంటే కుడివైపు 72 ఎక్కువ వచ్చేది.

ఇక్కడ ఒక విషయం నీకు తోచే ఉంటుంది. ఎడమవైపు నీళ్లు 18, కుడివైపు నీళ్లు కూడా 18. ఇది యాదృచ్ఛికం కాదు. స్ఫటిక జలం ఈ చర్యలో ఖర్చు కాదు. పటిక కరిగితే బకెట్లో నీళ్లలో కలిసిపోతుంది. దాన్ని బస్సు ఎక్కి దిగిపోయిన ప్రయాణికుల్లా చూడు, టికెట్ లెక్కలో ఉంటారు కానీ బస్సును నడిపేది వాళ్లు కాదు. మరి Al(OH)₃ లోని OH ఎక్కడి నుంచి వచ్చింది? బైకార్బొనేట్ నుంచి. ఒక్కో HCO₃ విరిగితే ఒక CO₂, ఒక OH అవుతాయి. దాని మూడు ఆక్సిజన్లలో రెండు CO₂ కి, ఒకటి OH కి పోతాయి. మన దగ్గర ఆరు HCO₃ లు ఉన్నాయి కాబట్టి ఆరు CO₂ లు, ఆరు OH లు. ఆ ఆరు OH లే రెండు Al(OH)₃ లు. నీకు తగ్గిన నాలుగు ఆక్సిజన్లు ఈ ఆరింటిలోవే.

ఈ లెక్క పద్దు పుస్తకం లాంటిది మాత్రమే, పరమాణువుల జాతకం కాదు. నిజంగా నీళ్లలో అల్యూమినియం చుట్టూ ఉన్న నీటి అణువులు హైడ్రోజన్ అయాన్లను వదులుతాయి, బైకార్బొనేట్ వాటిని పట్టుకుని కార్బన్ డయాక్సైడ్‌గా, నీళ్లుగా మారుతుంది. కాబట్టి ఫలానా ఆక్సిజన్ ఫలానా చోటికే పోయిందని పరీక్షలో రాయకు. ఎన్ని పరమాణువులు అన్నదే సమీకరణం చెప్తుంది.

గుర్తుల విషయంలో కూడా చాలామంది తడబడతారు. Al(OH)₃ పక్కన కిందికి బాణం పెట్టొచ్చు, అది తెల్లని జిగురు ముద్దలా అవక్షేపంగా దిగుతుంది. CaSO₄ పక్కన కూడా అలవాటుగా కిందికి బాణం గీస్తుంటారు. అది ఇక్కడ సరికాదు. లీటరు నీళ్లలో కాల్షియం సల్ఫేట్ సుమారు రెండు గ్రాముల దాకా కరుగుతుంది. నీళ్ల శుద్ధిలో వాడే పటికతో ఏర్పడేది అందులో కొద్ది భాగమే, కాబట్టి అది నీళ్లలోనే కరిగి ఉంటుంది. CO₂ పక్కన పైకి బాణం పెట్టినా తప్పు కాదు, కానీ అందులో చాలాభాగం నీళ్లలోనే ఉండి పీహెచ్‌ను తగ్గిస్తుంది.

ఇక ఫ్లోరైడ్. మంచి డౌట్ అడిగావు. మీ మర్రిగూడ వైపు బోరు నీళ్ల సంగతి నేను చెప్పనక్కర్లేదు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటొద్దని, వేరే దారి లేకపోతే 1.5 దాకా సహించవచ్చని మన భారతీయ ప్రమాణం. నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించినదే ఈ నల్లగొండ పద్ధతి, మన ఊరి పేరుతోనే ప్రపంచమంతా తెలుసు. బోరు నీళ్లలో సున్నం, పటిక, క్రిములకు బ్లీచింగ్ పౌడర్ కలిపి, ముందు గట్టిగా, తర్వాత మెల్లగా తిప్పి, తేరనిచ్చి, వడగడతారు. ఫ్లోరైడ్‌ను పట్టుకునేది ఆ Al(OH)₃ ముద్దలే. ఫ్లోరైడ్ వాటి ఉపరితలానికి అంటుకుంటుంది, కొన్నిచోట్ల OH స్థానంలోకి దూరుతుంది. ఎంత అంటుకుంటుందనేది పీహెచ్, నీళ్లలో ఉన్న ఫ్లోరైడ్, ముద్దలు ఎలా ఏర్పడ్డాయి అన్నదాన్ని బట్టి మారుతుంది. స్థిరమైన నిష్పత్తి లేదు కాబట్టి దానికి తుల్య సమీకరణం రాయలేం. పుస్తకం రాసింది ఆ ముద్ద తయారయ్యే చర్యను మాత్రమే. F కోసం సమీకరణంలో నువ్వే ఏదో AlF₃ అని ఇరికించకు, మార్కులు పోతాయి.

నీ పుస్తకంలో ఆ పేజీ కిందే సున్నం సమీకరణం సగం కనిపిస్తోంది, స్క్రీన్‌షాట్‌లో కట్ అయింది. అదీ అడుగుతారు కాబట్టి చెప్తున్నా. బైకార్బొనేట్ బదులు తడి సున్నం, అంటే Ca(OH)₂ పెడితే:

```
Al₂(SO₄)₃·18H₂O + 3Ca(OH)₂ → 2Al(OH)₃ + 3CaSO₄ + 18H₂O
```

ఇందులో కార్బన్ లేదు, CO₂ రాదు. ఆక్సిజన్ ఎడమ 12, 18, 6 కలిపి 36. కుడి 6, 12, 18 కలిపి 36. హైడ్రోజన్ రెండు వైపులా 42. ఇక్కడ OH రెండు వైపులా గుంపుగానే ఉంది కాబట్టి దాన్ని విడగొట్టకుండా ఎడమ ఆరు, కుడి ఆరు అని కూడా చూడొచ్చు.

ఈ రెండు సమీకరణాలూ పక్కపక్కన పెట్టుకుంటే ఒక ప్రశ్న వస్తుంది. రెండూ Al(OH)₃ నే ఇస్తున్నాయి, మరి సున్నం ఎందుకు, ఎంత? దీన్ని ఒక డ్రమ్ముతో చూద్దాం. 200 లీటర్ల డ్రమ్ము, అందులో 100 గ్రాముల పటిక వేశామనుకో, అంటే లీటరుకు 500 మిల్లీగ్రాములు. నల్లగొండ పద్ధతిలో ఇలా వందల మిల్లీగ్రాముల పటిక పడుతుంది, మామూలు మురికి నీళ్లు తేటపరచడానికి అంత అక్కర్లేదు.

సమీకరణం ప్రకారం 666 గ్రాముల పటికకు 3 మోల్‌ల Ca(HCO₃)₂ కావాలి. నీళ్ల ల్యాబు రిపోర్టులో క్షారతను, అంటే ఆమ్లాన్ని తట్టుకునే నీళ్ల శక్తిని, బైకార్బొనేట్‌గా కాకుండా CaCO₃ లెక్కన ఇస్తారు. ఒక Ca(HCO₃)₂ కి ఒక CaCO₃ సమానం, దాని భారం 100. కాబట్టి 666 కి 300, అంటే ఒక మిల్లీగ్రాము పటిక 0.45 మిల్లీగ్రాముల క్షారతను తినేస్తుంది. మన 500 కి 225. బోరు నీళ్ల క్షారత 400 ఉంటే బేఫికర్, ఇంకా 175 మిగులుతుంది. క్షారత 150 మాత్రమే ఉంటే 75 తక్కువ పడుతుంది. అప్పుడు పీహెచ్ పడిపోతుంది, అల్యూమినియం మొత్తం ముద్దగా దిగదు, కొంత కరిగిన రూపంలో తాగే నీళ్లలోకే వస్తుంది. ముద్దలు సరిగ్గా కట్టకుండా నీళ్లు పాలిపోయినట్టు మబ్బుగా ఉంటే అనుమానించాల్సింది దీన్నే. ఆ 75 తగ్గుదలను సున్నంతో పూడ్చాలంటే, CaCO₃ 100 కి Ca(OH)₂ 74 కాబట్టి లీటరుకు సుమారు 56 మిల్లీగ్రాములు, డ్రమ్ముకు 11 గ్రాములు. ఇది కాగితం మీది లెక్క. వాడే మోతాదును మాత్రం ఆ బోరు నీళ్లతోనే గాజు జాడీల్లో రకరకాల మోతాదులు వేసి చూసి నిర్ణయిస్తారు.

ఆచరణలో సున్నం మోతాదు పటికలో ఇరవయ్యో వంతు దగ్గర పెడతారు, అంటే 100 గ్రాముల పటికకు 5 గ్రాములు. కానీ రెండో సమీకరణం చూడు: 666 కి 222, అంటే పటికలో మూడో వంతు సున్నం, మన డ్రమ్ముకు 33 గ్రాములు కావాలంటోంది. మిగతా 28 గ్రాముల పని చేసేది నీళ్లలో ముందే ఉన్న బైకార్బొనేట్. డ్రమ్ములో రెండు సమీకరణాలూ ఒకేసారి జరుగుతాయి. 5 గ్రాముల సున్నం 15 గ్రాముల పటికను చూసుకుంటే, 85 గ్రాములను మొదటి సమీకరణం చూసుకుంటుంది. అందుకే నీ పుస్తకం బైకార్బొనేట్ సమీకరణాన్ని ముందు పెట్టి, సున్నాన్ని కింద పెట్టింది.

అసైన్‌మెంట్‌లో సున్నం సమీకరణం అడిగితే Ca(OH)₂ అనే రాయి, CaO అని కాదు. CaO తో రాస్తే కుడివైపు నీళ్లు 15 అవుతాయి: హైడ్రోజన్ ఎడమ 36, అందులో 6 Al(OH)₃ కి పోతే 30 మిగులుతుంది. అదీ తుల్య సమీకరణమే కానీ పుస్తకం అడిగింది అది కాదు. ఇంటికి చేరాక ఆ కట్ అయిన పేజీ పూర్తిగా ఒకసారి పంపు, అక్కడి సున్నం సమీకరణంలో 18 ఉందో 16 ఉందో చూసి చెప్తా.